మడమ జారే షూ: సైజు తగ్గిస్తే సరిపోతుందా?

షూ కొట్టులో ‘మడమ దగ్గర లూజుగా ఉంది’ అని చెప్పి చూడండి. విశాఖలో జగదాంబ దగ్గరైనా, ద్వారకానగర్‌లోనైనా, గాజువాకలోనైనా వచ్చే జవాబు ఒకటే: ‘ఒక సైజు తగ్గించుకోండి మేడం, వాడితే సాగిపోద్ది.’ అప్పటికీ మొహమాటపడుతుంటే కౌంటరు పక్కన వేలాడే సిలికాన్ మడమ ప్యాడ్ల జత తీసి చేతిలో పెడతారు. పాదం సన్నగా, మడమ ఇంకా సన్నగా ఉన్నవాళ్లకు ఈ రెండు సలహాలూ తరచుగా బెడిసికొడతాయి. ఎందుకో తెలియాలంటే పెట్టె మీద ఉండే నంబరు ఏం కొలుస్తుందో, దాని పక్కన ఉండాల్సిన అక్షరం ఏం కొలుస్తుందో ముందు చూడాలి.

మన దగ్గర దొరికే షూలలో ఎక్కువగా బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. ఒక నంబరు నుంచి ఇంకో నంబరుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మి.మీ. అది పొడవు. పొడవుతో పాటు లావు కూడా మారుతుంది. సైజు ఒకటి పెరిగితే వేళ్ల మొదళ్ల దగ్గర, అంటే బొటనవేలి ఎముక బయటికి పొడుచుకొచ్చిన చోట, షూ చుట్టుకొలత పావు అంగుళం, సుమారు 6 మి.మీ. పెరుగుతుంది. ఇది కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

అక్షరాలు ఆ చుట్టుకొలత కోసమే. అమెరికా పద్ధతిలో ఆడవాళ్ల షూలకు B అంటే మామూలు వెడల్పు. దానికన్నా సన్నవి A, 2A, 4A. వెడల్పువి D, 2E. మగవాళ్లకు D మామూలు, B సన్నం, 2E, 4E వెడల్పు. ఒకే అక్షరం ఇద్దరికీ ఒకే అర్థం ఇవ్వదన్న సంగతి గుర్తు పెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. ‘యూనిసెక్స్’ అని అమ్మే స్నీకర్లలో చాలావరకు మగవాళ్ల అచ్చు మీద, D వెడల్పులో చేసినవే. సన్నపాదం ఉన్న అమ్మాయి వాటిని కొంటే ఆడవాళ్ల మామూలు B కన్నా C, D అని ఒకేసారి రెండు మెట్లు వెడల్పైన షూ కొన్నట్టే. తిరగేసి చెప్పాలంటే, పాదం సన్నగా ఉన్న కాలేజీ కుర్రాడికి మగవాళ్ల B దొరక్కపోతే ఆడవాళ్ల షూలో తన పొడవుకు సరిపడే నంబరు వెతుక్కోవచ్చు. రంగు విషయంలో రాజీ పడగలిగితే అది మంచి దారే. బ్రిటిష్ కంపెనీల అక్షరాలు మళ్లీ వేరు. అక్కడ E, F, G అని నడుస్తాయి, ఏది మామూలో కంపెనీని బట్టి మారుతుంది. అందుకని అక్షరం చూసి నమ్మకుండా ఆ కంపెనీ కొలతల పట్టిక చూడటమే క్షేమం.

ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు చుట్టుకొలతలో తేడా మళ్లీ అదే 6 మి.మీ. అంటే చుట్టుకొలత ఒక మెట్టు తగ్గాలంటే అక్షరం మార్చవచ్చు, లేదా నంబరు తగ్గించవచ్చు. మొదటి దారిలో పొడవు అలాగే ఉంటుంది. రెండో దారిలో వేళ్ల ముందున్న జాగా పోతుంది. కొట్టువాళ్లు మనకు చూపించేది ఎప్పుడూ రెండో దారే, ఎందుకంటే మొదటిది వాళ్ల దగ్గర ఉండదు.

మా వదిన సంగతి తీసుకుంటాను. ఎంవీపీ కాలనీలో ఉంటుంది, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తుంది, ఆదివారాలు కైలాసగిరి ఎక్కి దిగుతుంది. పాదం పొడవు 246 మి.మీ. బ్రిటిష్ 6 సరిపోతుంది, వేళ్ల ముందు 12 మి.మీ. దాకా ఖాళీ మిగులుతుంది. నడక షూకి అంత ఖాళీ కావాలి కూడా. చుట్టుకొలత మాత్రం ఆ సైజుకు పట్టికలో ఉన్న మామూలు కొలత కన్నా 12 మి.మీ. తక్కువ. 6 చొప్పున లెక్కేస్తే రెండు మెట్లు. ఆమెకు కావాల్సింది B కాదు, 2A.

2A కొట్టులో లేదు కాబట్టి 5 నంబరు ఇచ్చారు. ఒక్క సైజు తగ్గడంతో ముందు ఖాళీ 12 నుంచి మూడున్నర మి.మీ.కి పడిపోయింది. లూజు మాత్రం సగమే తగ్గింది, 12లో 6. మిగతా సగం కూడా నంబరుతోనే సరిచేయాలంటే 4 నంబరుకు దిగాలి. అప్పుడు మొత్తం 17 మి.మీ. పొడవు పోతుంది, ఉన్న ఖాళీ అంతా పోయి ఇంకో 5 మి.మీ. మేర వేళ్లు ముడుచుకు కూర్చోవాలి. 5 నంబరుతోనే ఆమె కైలాసగిరి దిగుతుంటే బొటనవేలి గోరు నల్లబడింది. మడమ అప్పటికీ లేస్తూనే ఉంది. బిగుతూ లూజూ రెండూ ఒకే షూలో ఎలా ఉంటాయని ఆమెకు అనుమానం. ఉంటాయి మరి, ఒకటి పొడవులో, ఇంకోటి చుట్టుకొలతలో.

మన దేశంలో సన్నపాదాలకు రోజులు ఇంకా కలిసొచ్చేలా లేవు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. పాశ్చాత్యుల పాదాల కన్నా మనవాళ్ల పాదాలు సాధారణంగా వెడల్పుగా ఉంటాయని తేలింది. దాని ఆధారంగా ‘భ’ అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఎక్కువమందికి అది మేలే. వెడల్పు పెంచిన అచ్చులో సన్నపాదం వాళ్లు ఇంకాస్త ఈదాల్సి వస్తుంది. న్యూ బ్యాలెన్స్, బ్రూక్స్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లలో ఆడవాళ్లకు 2A, మగవాళ్లకు B చేస్తాయి. ఇక్కడి షోరూముల అల్మరాల్లో అవి కనిపించడం మాత్రం అరుదు.

ఇంట్లో కొలుచుకోవడం

సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బాక కొలవండి. కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పరచండి. మడమ గోడకు తగిలేలా, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు పెట్టి నిలబడండి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని వేరే ఎవరైనా గీయాలి. మనమే వంగి గీస్తే బరువు ముందుకు పోయి కొలత మారిపోతుంది. పొడవైన వేలి కొస దాకా పొడవు, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు, మడమలో బాగా లావైన చోట వెడల్పు, ఈ మూడూ రాసుకోండి. తర్వాత దర్జీ టేపుతో వేళ్ల మొదళ్ల చుట్టూ కొలవండి, బిగించకుండా. రెండు పాదాలకూ విడివిడిగా చేయాలి. కొంచెం తేడా ఉండటం మామూలే, పెద్ద పాదానికే షూ కొనాలి.

ఇందులో మడమ కొలత ముఖ్యం. మడమ వెడల్పు సుమారుగా ముందు పాదం వెడల్పులో మూడింట రెండు వంతులు ఉంటుంది. దానికన్నా బాగా తక్కువైతే మీది సన్నపాదం అనడం కన్నా సన్నమడమ అనడం సరి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, వెడల్పు అక్షరం చెప్పేది ముందు పాదం గురించే. ముందు పాదం మామూలుగా ఉండి మడమ ఒక్కటే సన్నగా ఉన్నవాళ్లు 2A కొంటే వేళ్లు నలిగిపోతాయి. ముందు భాగం ఒక వెడల్పు, మడమ దానికన్నా రెండు మెట్లు సన్నం, ఇలా చేసే అచ్చులు ఉన్నాయి. వాటిని కాంబినేషన్ లాస్ట్ అంటారు. పెట్టె మీద ఆ మాట సాధారణంగా రాయరు, తొడిగి చూసి తెలుసుకోవాల్సిందే. వదినకు ముందూ వెనకా రెండూ సన్నమే. కాబట్టి ఆమెకు అక్షరం కొంత సాయం చేస్తుంది, మిగతాది లేసు చేయాలి.

ఎటు జారుతోంది?

‘జారుతోంది’ అని అందరూ ఒకే మాట అంటారు గానీ అందులో రెండు రకాలున్నాయి. మడమ పైకి లేవడం ఒకటి. పాదం మొత్తం ముందుకు దూసుకుపోవడం ఇంకొకటి. పాదం ముందుకు పోయినప్పుడు కూడా వెనక ఖాళీ కనిపిస్తుంది కాబట్టి మడమదే తప్పని అనుకుంటాం. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

పాత షూ లోపలి అట్ట, అంటే ఇన్‌సోల్, బయటికి తీసి వెలుతురులో చూడండి. విశాఖ చెమటకు రెండు నెలల్లోనే దాని మీద పాదం ముద్ర నల్లగా దిగిపోతుంది. వేళ్ల ముద్రలు ఐదూ విడివిడిగా, గుండ్రంగా ఉంటే పాదం ఉన్నచోటే ఉంటోందని అర్థం. అవి ముందుకు సాగి, చెరిపినట్టు చారలుగా ఉంటే పాదం ముందుకు జారుతోంది. ఇప్పుడు షూ లోపల మడమ వెనక భాగం తడమండి. అక్కడ లైనింగు గుడ్డ నలిగి, చిరిగి, స్పాంజి బయటపడితే మడమ పైకీ కిందికీ రాసుకుంటోంది. మడమ వెనక బొబ్బ వస్తే అదీ ఇదే కథ. గోళ్లు నల్లబడితే ముందుకు జారుడు. వదిన షూలో రెండూ కనిపించాయి. లైనింగు చిరుగు మాత్రం ఎడమ షూలోనే ఉంది.

ఇంకో మాట. కొత్త షూ అడుగు గట్టిగా ఉండి వంగకపోతే, కొలత ఎంత సరిగ్గా ఉన్నా మడమ కొన్ని మి.మీ. లేస్తుంది. నడిచేకొద్దీ అడుగు వంగడం నేర్చుకుని అది తగ్గిపోతుంది. రాసుకోకుండా, బొబ్బ రాకుండా ఉండే చిన్న లేపు గురించి బెంగ అక్కర్లేదు.

లేసుతో ఎంతవరకు?

లేసు కట్టాక రెండు వైపుల కన్నాల వరసల మధ్య దూరం చూడండి. వేలు, వేలున్నర మందం ఖాళీతో వరసలు సమానంగా నడుస్తుంటే బాగుంది. రెండు వరసలూ వచ్చి ఒకదానికొకటి తగిలేశాయంటే ఇక బిగించడానికి జాగా లేదు, ఏ ముడి వేసినా లాభం ఉండదు. ఆ షూ మీ పాదానికి గిన్నెలా ఉందన్నమాట. కొట్టులోనే ఇది కనిపిస్తే అక్కడే వదిలేయండి. కింద ఖాళీ ఎక్కువగా, పైన చీలమండ దగ్గరికొచ్చేసరికి దగ్గరగా ఉంటే సన్నమడమ లక్షణం. లేసు బాగా పనికొచ్చేది ఇక్కడే.

పరుగు షూలలో అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి జరిగి ఒక అదనపు కన్నం ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు, కొంటున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఖాళీగా వదిలేస్తారు. మడమ పట్టుకు అదే ఆధారం. మామూలుగా అడ్డదిడ్డంగా లేసు వేసుకుంటూ పైనుంచి రెండో కన్నం దాకా రండి, లేసు అక్కడ బయటికి రావాలి. ఇప్పుడు అవతలి వైపుకు దాటకుండా, అదే వైపున్న పైకన్నంలోకి బయటినుంచి లోపలికి గుచ్చండి. రెండు కన్నాల మధ్య చిన్న ఉచ్చు మిగులుతుంది. పూర్తిగా లాగేయకుండా ఉచ్చును ఉంచాలి. రెండో వైపూ అంతే. ఇక కుడి లేసు కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి దూర్చండి.

అందరూ తడబడేది తర్వాతి అడుగులో. కొసల్ని పైకి లాగకూడదు. మడమను నేలకు బాదినట్టు ఒకసారి వెనక్కి తట్టి, పాదాన్ని షూ వెనక గోడకు ఆనించి, అప్పుడు రెండు కొసల్నీ పక్కలకు, కిందికి, మడమ వైపుకు లాగాలి. ఉచ్చులు బిగుసుకుని చీలమండ ముందు మడత మీద పట్టు వేస్తాయి. ఆ పట్టు పాదాన్ని వెనక్కి తోస్తుంది, మడమ షూ గుంతలో కూర్చుంటుంది. తర్వాత మామూలు ముడి. దీనికి లేసు ఎక్కువ కావాలి. ముడి వేయడానికి కొసలు చాలకపోతే కొంచెం పొడవైన లేసులు కొనుక్కోండి, పూర్ణా మార్కెట్‌లో పెద్ద ఖరీదేం ఉండదు.

సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి మునివేళ్ల మీద లేవండి. మడమ షూతో పాటే లేవాలి. ఇంట్లో మేడ మెట్లు దిగి చూడండి, వేళ్లు ముందు గోడకు తగలకూడదు. పాదం పైభాగం తిమ్మిరెక్కినా, చీలమండ ముందు గీత పడి నొప్పి పెట్టినా ఎక్కువ బిగించారని అర్థం. కింది కన్నాల దగ్గర వదులు చేసి, బిగువు పై రెండు కన్నాలకే పరిమితం చేయండి. కొన్ని షూలకు కన్నాలు రెండు వరసల్లో ఒకటి లోపలికి, ఒకటి బయటికి ఉంటాయి. సన్నపాదం వాళ్లు లేసుల కింద ఉండే షూ నాలుకకు దూరంగా ఉన్న బయటి కన్నాలు వాడితే పక్క గోడలు ఎక్కువ దగ్గరికొస్తాయి.

ఈ ముడి చేయలేనిది ఒకటుంది. షూ వెనక గుంత వెడల్పును ఇది తగ్గించదు. పైకి లేవకపోయినా మడమ పక్కలకు ఊగుతుంటే లేసు అక్కడితో చేతులెత్తేసినట్టే.

ప్యాడ్ ఎక్కడ పెట్టాలి?

షూ వెనక భాగాన్ని పక్కనుంచి గమనిస్తే అది నిటారు గోడలా ఉండదు. మడమ ఎముక కూర్చునే చోట బయటికి ఉబ్బి, పైన అంచు దగ్గర లోపలికి వంగుతుంది. ఆ వంపే మడమను లేవకుండా ఆపుతుంది. ఇప్పుడు మడమ కింద మందపాటి సిలికాన్ ప్యాడ్ పెడితే ఏమవుతుంది? మడమ అంత మేర పైకి లేచి, ఉబ్బులో ఉండాల్సిన లావు భాగం వంపు దగ్గరికి వచ్చేస్తుంది. ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మెత్తగా ఉందని సంబరపడి పెట్టిన ప్యాడ్ జారుడును పెంచేది ఇలాగే.

వెనక గోడకు అంటించే ప్యాడ్లకు ఇంకో చిక్కు. అవి తమ మందం మేర పాదాన్ని ముందుకు నెడతాయి. పొడవు కాస్త ఎక్కువైన షూలో పరవాలేదు. వదిన 5 నంబరులో మిగిలింది మూడున్నర మి.మీ. 3 మి.మీ. ప్యాడ్ అంటిస్తే వేళ్లకు మిగిలేదేమీ లేదు.

నా మటుకు నేను నాలుక ప్యాడ్‌నే ముందు చూస్తాను, దీన్ని అడిగేవాళ్లు తక్కువ. షూ నాలుక లోపలి వైపు, లేసుల కింద, 3 నుంచి 5 మి.మీ. మందం ఉన్న నమదా గుడ్డ ముక్కో స్పాంజి ముక్కో అంటించడమే. అది పాదాన్ని కిందికీ వెనక్కీ నొక్కుతుంది. పొడవు తినదు, మడమను లేపదు. రెడీమేడ్ దొరక్కపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర పది నిమిషాల పని. రబ్బరు షీటు ముక్క కోసి, అంచులు పలచగా చెక్కి, సొల్యూషన్‌తో అంటించేస్తాడు. అంచులు చెక్కమని మీరే అడగండి, లేకపోతే ఆ గట్టు పాదం మీద గుచ్చుకుంటుంది. ముందు రెండువైపులా అంటుకునే టేపుతో పెట్టి ఇంట్లో నడిచి చూసి, చోటు ఖాయమయ్యాకే సొల్యూషన్ వేయించండి.

షూ మొత్తం లోతుగా, పాదం అందులో తేలుతున్నట్టు ఉంటే అప్పుడు పూర్తి పొడవు ఇన్‌సోల్. ఉన్న ఇన్‌సోల్ కింద రెండు మి.మీ. పలచని చదును షీటు పరిస్తే పాదం ముందూ వెనకా సమానంగా లేచి, పైన లేసులకు పట్టు దొరుకుతుంది. రెండు, మహా అయితే మూడు మి.మీ. దాటొద్దు, దాటితే మళ్లీ మడమ వంపు సమస్య మొదలు. గాజువాక వైపు ఉక్కు ముక్కు సేఫ్టీ షూ వేసుకుని డ్యూటీకి వెళ్లేవాళ్లు ముందు పాదాన్ని ఎత్తేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఉక్కు టోపీ సాగదు, వేళ్ల పైన ఉన్న ఖాళీ తగ్గిపోతుంది. వాళ్లకు నాలుక ప్యాడే మేలు.

లేసుల్లేని బెల్లీలు, పంపుల దగ్గర నాలుకే లేదు. షూ మడమ ఎత్తు వల్ల పాదం ముందుకు జారి వెనక ఖాళీ వస్తుంది కాబట్టి, వేళ్ల మొదళ్ల కింద గరుకు ముఖం ఉన్న పలచని ప్యాడ్ పెట్టి ఆ జారుడును ఆపాలి. వెనక ప్యాడ్ ఆ తర్వాతి మాట.

ఇన్‌సోల్ పైముఖం ఏ గుడ్డతో ఉందన్నది విశాఖలో చిన్న విషయం కాదు. చెమటకు నున్నటి రెక్సిన్ ఇన్‌సోల్ సబ్బు రాసినట్టవుతుంది. స్వెడ్ లాంటి గరుకు తోలు, మైక్రోఫైబర్ గుడ్డ తడిలోనూ పట్టు ఇస్తాయి. నడిచి రాగానే ఇన్‌సోల్ బయటికి తీసి ఆరబెట్టండి, ఎండలో వద్దు, ఫ్యాను కింద. జిగురుతో అంటించే సిలికాన్ ముక్కలు ఈ తేమకు ఊడిపోతుంటాయి, వాటి మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి.

షుగరు వల్ల పాదాల స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఈ లేసు ముడులు, ప్యాడ్లు సొంతంగా ప్రయత్నించొద్దు. ఒరుసుకున్నా వాళ్లకు తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. డాక్టరుకు చూపించి పాదరక్షలు రాయించుకోవడమే సరి.

వదిన చివరికి 5 నంబరు జతను పనమ్మాయికి ఇచ్చేసింది, ఆమె పాదానికి అది అతికినట్టు సరిపోయింది. తను 6 నంబరుకే తిరిగి వచ్చింది, B వెడల్పులోనే, 2A ఇప్పటికీ దొరకలేదు. కాకపోతే ఈసారి మడమ గుంత ఇరుకుగా ఉన్న మోడల్ ఎంచుకుంది. రెండు షూలకూ ఉచ్చుల లేసు, నాలుక కింద 4 మి.మీ. ముక్క. ఎడమ షూలో మాత్రం ఇన్‌సోల్ కింద రెండు మి.మీ. షీటు అదనం, ఎందుకంటే ఆ పాదం ఇంకొంచెం సన్నం. చదును రోడ్డు మీద మడమ లేవడం లేదు. కైలాసగిరి దిగేటప్పుడు సగం దారిలో ఒకసారి ఆగి లేసు మళ్లీ బిగించుకుంటుంది. చెమటకు లేసు కాస్త వదులవుతుంది, ఆ ఒక్కటీ తప్పడం లేదు.